పదకొండో ఇంట గురువున్నా ఏడాదంతా పని కాలేదు, ఎందుకు? గురు గోచారం లెక్క వేసే పద్ధతి

2016 కృష్ణా పుష్కరాల్లో మునక వేసినవాళ్ళంతా గురు గోచారాన్ని చూసినవాళ్ళే. ఆగస్టు 11 రాత్రి గురువు కన్యారాశిలోకి వచ్చాడు, 12 తెల్లవారేసరికి విజయవాడ పద్మావతి ఘాట్‌లో కాలు మోపే చోటు లేదు. గురువు మిథునంలోకి వస్తే సరస్వతికి, కర్కాటకంలోకి వస్తే యమునకి, సింహంలోకి వస్తే గోదావరికి, కన్యలోకి వస్తే కృష్ణకి పుష్కరాలు. పన్నెండు రాశులు చుట్టి రావడానికి ఆయనకి పన్నెండేళ్ళకి కాస్త తక్కువ పడుతుంది, అంటే రాశికి ఇంచుమించు ఏడాది. నది విషయంలో మనకి ఇంత బాగా తెలిసిన లెక్కని జాతకం దగ్గరికొచ్చేసరికి ఉగాది పంచాంగంలో రెండు వాక్యాలకి కుదించేస్తాం: "గురువు పదకొండింట, ధనలాభం."

మా బావమరిది కూడా 2024 ఉగాదికి అదే చదివాడు. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్‌లో పన్నెండేళ్ళుగా వెల్డర్. సొంతంగా షెడ్ పెట్టుకోవాలని ఉంది. అతనిది కర్కాటక రాశి. 2024 మే 1న గురువు వృషభంలోకి వచ్చాడు, అది కర్కాటకానికి సరిగ్గా పదకొండో ఇల్లు. శాస్త్రం ప్రకారం గురువుకి అంతకన్నా మంచి చోటు లేదు. అయినా 2025 మార్చి దాకా ఒక్క పనీ ముడిపడలేదు. ఎందుకు పడలేదో, చివరికి ఎప్పుడు పడిందో అతని జాతకం మీదే చూపిస్తాను. మీ జాతకం కాగితం పక్కన పెట్టుకుని అడుగడుగునా మీ లెక్క కూడా వేసుకోండి.

మొదట జాతకం సరిచూసుకోండి

కావలసినవి మూడే: జన్మరాశి, లగ్నం, పుట్టినప్పుడు ఏ గ్రహం ఏ రాశిలో ఉందో. ఫోన్‌లోని ఏ జ్యోతిష్య యాప్ అయినా ఇస్తుంది, కాకపోతే సెట్టింగుల్లో లాహిరి అయనాంశ ఉందో లేదో ఒకసారి చూడండి. పాశ్చాత్య పద్ధతిలో లెక్కగట్టే యాప్ అయితే అన్నీ 24 డిగ్రీలు ముందుకి జరిగిపోయి కనిపిస్తాయి, వృషభంలో ఉన్న గురువు మిథునంలో ఉన్నాడంటుంది.

జన్మరాశి అంటే పుట్టిన వేళకి చంద్రుడున్న రాశి. చాలామంది పేరులో మొదటి అక్షరాన్ని బట్టి వచ్చే నామరాశినే జన్మరాశి అనుకుని ఏళ్ళ తరబడి పక్కింటివాళ్ళ ఫలితాలు చదువుతుంటారు. తాతగారి పేరు పెట్టిన పిల్లాడికి ఆ అక్షరంతో నక్షత్రానికి సంబంధమే ఉండదు కదా.

లగ్నం దగ్గర ఇంకో చిక్కు. లగ్నం దాదాపు రెండు గంటలకోసారి మారిపోతుంది. "తెల్లారుజామున పుట్టాడు, కోడి కూసింది" అనే సమాచారంతో లగ్నం కట్టలేం. మీ లగ్నం రాశి మొదటి రెండు డిగ్రీల్లోనో చివరి రెండు డిగ్రీల్లోనో ఉంటే, ఆసుపత్రి కాగితం మీది సమయం నమ్మదగినదో కాదో తేలేదాకా లగ్నం నుంచి వేసే లెక్క పక్కన పెట్టండి. చంద్రుడి నుంచి వేసేది మాత్రం నిలుస్తుంది.

బావమరిది 1986 అక్టోబరు చివర్లో, అర్ధరాత్రి దాటాక పుట్టాడు. లగ్నం సింహం, చంద్రుడు కర్కాటకంలో, రవి శుక్రులు తులలో, బుధుడూ శనీ వృశ్చికంలో, కుజుడు మకరంలో, గురువు కుంభంలో. ఈ ఒక్క వాక్యం ఉంటే మిగతా లెక్కంతా చేత్తోనే వేసేయొచ్చు.

గురువు నడిచే దారి గీసుకోండి

రాశి మారిన తేదీ ఒక్కటీ రాసుకుంటే చాలదు. గురువు ఏటా దాదాపు నాలుగు నెలలు వక్రిస్తాడు, అప్పుడు ఇంచుమించు పది డిగ్రీలు వెనక్కి నడుస్తాడు. అంటే కొన్ని డిగ్రీల మీదుగా ఒకసారి ముందుకి, ఒకసారి వెనక్కి, మళ్ళీ ఒకసారి ముందుకి, మొత్తం మూడుసార్లు వెళ్తాడు. అవకాశం వచ్చి, చేజారి, మళ్ళీ అదే అవకాశం తిరిగి రావడాన్ని జ్యోతిష్కులు ఈ మూడు నడకలతోనే ముడిపెడతారు. నాకు ఈ గోచార శాస్త్రంలో అన్నిటికన్నా పనికొచ్చే సంగతి ఇదే అనిపిస్తుంది.

వృషభంలో దారి ఇలా ఉంది. 2024 మే 1న ప్రవేశం. అక్టోబరు 9న 27 డిగ్రీల దగ్గర వక్రారంభం. 2025 ఫిబ్రవరి 4న 17 డిగ్రీల దగ్గర వక్రత్యాగం. మే 14న మిథునంలోకి. కాబట్టి 17 నుంచి 27 డిగ్రీల మధ్య భాగం మూడుసార్లు తొక్కిన నేల. ఒక కాగితం మీద అడ్డగీత గీసి ఈ నాలుగు తేదీలూ దాని మీద పెట్టండి.

మన దగ్గర పూర్వపద్ధతి పంచాంగాలకీ దృక్సిద్ధ పంచాంగాలకీ ఈ తేదీల్లో తేడా వస్తుంది. పండగల దగ్గర ఆ తేడాతో ఊళ్ళో గొడవలయ్యాయి గానీ మన లెక్కకి పెద్ద నష్టం లేదు, మనం చూసేది వారాల నిడివి ఉన్న కిటికీలని. ఒకే పంచాంగాన్ని చివరిదాకా వాడితే చాలు.

చంద్రుడి నుంచి లెక్కించండి, వెంటనే వేధ చూడండి

జన్మరాశిని ఒకటిగా పెట్టుకుని గురువున్న రాశి దాకా లెక్కించండి. 2, 5, 7, 9, 11 వస్తే శుభం. మిగతా ఏడూ అంత అనుకూలం కాదు. ఇంతవరకూ అందరికీ తెలుసు, టీవీలో చెప్పేదీ ఇంతే. అక్కడితో ఆగిపోవడం వల్లే లెక్క తప్పుతుంది.

శుభస్థానం ఒక్కోదానికి ఒక అడ్డుస్థానం ఉంది. దాన్ని వేధ అంటారు. గురువు రెండింట ఉంటే పన్నెండో ఇంట, ఐదింట ఉంటే నాలుగింట, ఏడింట ఉంటే మూడింట, తొమ్మిదింట ఉంటే పదింట, పదకొండింట ఉంటే ఎనిమిదింట వేరే గ్రహం సంచరిస్తుంటే గురువు ఇవ్వాల్సిన ఫలం ఆగుతుంది. ఇవన్నీ జన్మరాశి నుంచి లెక్కించేవే.

చంద్రుడు ఆ అడ్డుస్థానంలో రెండున్నర రోజులు కూడా ఉండడు, పట్టించుకోనక్కర్లేదు. రవి, బుధ, శుక్రులు తలా కొన్ని వారాలు, ఆ వారాలు మాత్రం కొట్టేసుకోండి. కుజుడు మామూలుగా నెలన్నర. రాహుకేతువుల వేధని కొందరు లెక్కిస్తారు, కొందరు లెక్కించరు, నేను లెక్కించను. అసలు భయం శనితో. ఆయన అడ్డుస్థానంలో కూర్చుంటే ఏడాది ఏడాదంతా పోతుంది.

బావమరిదికి జరిగిందదే. గురువు పదకొండింట, దానికి అడ్డు ఎనిమిది. కర్కాటకానికి ఎనిమిదో రాశి కుంభం. 2023 జనవరి నుంచి శని కుంభంలోనే ఉన్నాడు. అక్కణ్ణించి మీనంలోకి కదిలింది 2025 మార్చి 29న. గురువు వృషభంలో ఉన్నది మే 14 వరకు. అంటే ఉగాది పంచాంగం ఏడాది పొడుగునా ఉందన్న లాభస్థాన గురువు అతనికి అడ్డు లేకుండా దొరికింది నెలన్నర: మార్చి 29 నుంచి మే 14.

తమాషా ఏమిటంటే ఆ తరువాత సింహరాశివాళ్ళకీ ఇదే పట్టింది. 2025 మేలో గురువు మిథునానికి వచ్చాడు, వాళ్ళకి పదకొండు. శని మీనంలో, వాళ్ళకి ఎనిమిది. ఇద్దరూ ఒక్కో రాశి జరిగారు, అడ్డు కూడా వాళ్ళతోపాటే జరిగింది.

లగ్నం నుంచి ఏ ఇల్లు తెరుచుకుంటుందో చూడండి

చంద్రుడి నుంచి వేసిన లెక్క గాలి అనుకూలమా కాదా చెబుతుంది. పడవ ఏ రేవుకి వెళ్తుందో చెప్పేది లగ్నం. గురువున్న ఇల్లు ఒకటి, అక్కణ్ణించి ఆయన చూసే ఐదు, ఏడు, తొమ్మిదో ఇళ్ళు మూడు, మొత్తం నాలుగు ఇళ్ళ పనులు ఆ ఏడాది కదులుతాయి.

సింహ లగ్నానికి వృషభం పదో ఇల్లు, అంటే వృత్తి. అక్కణ్ణించి ఐదో చూపు కన్య మీద, అది రెండో ఇల్లు, చేతిలో ఆడే డబ్బు. ఏడో చూపు వృశ్చికం మీద, నాలుగో ఇల్లు, స్థలం, కట్టడం. తొమ్మిదో చూపు మకరం మీద, ఆరో ఇల్లు, అప్పు. సొంత షెడ్ పెట్టాలనుకునే వెల్డర్‌కి కావలసినవి పని, డబ్బు, చోటు, బ్యాంకు అప్పు. నాలుగూ ఒకే వరసలో పడ్డాయి.

ఇలా పడకపోతే ఆ ఏడాది ఆ కోరికకి గురువుని అడక్కండి. గురువు ఐదింట ఉంటే పిల్లలు, చదువు, మంత్రం, పెట్టుబడి మీద ఆలోచన. తొమ్మిదింట ఉంటే దూరప్రయాణం, పెద్దల అండ, పైచదువు. ఏడింట ఉంటే పెళ్ళి, భాగస్వామ్యం. నాలుగో ఇంట ఉన్న గురువు ఇల్లు కట్టిస్తాడు గానీ ఉద్యోగంలో ప్రమోషన్ అతన్నుంచి ఆశించడం గుంటూరు రైలెక్కి తిరుపతి రాలేదేమని అడిగినట్టే. నాలుగో ఇంట ఉన్నవాడి ఏడో చూపు పదో ఇంటి మీదే పడుతుంది కదా అంటారా? పడుతుంది. కాకపోతే చూపు బలం ఉనికి బలమంత ఉండదు, నేను దాన్ని సగానికి లెక్కేస్తాను. ఇది నా అనుభవం, గ్రంథవాక్యం కాదు.

బిందువులు లెక్కపెట్టండి

ఇక్కడ ఓపిక కావాలి, పావుగంట పని. ఒకే రాశివాళ్ళందరికీ ఒకే ఫలం ఎందుకు రాదన్న ప్రశ్నకి అష్టకవర్గు ఇచ్చే సమాధానం ఇది. ఏడు గ్రహాలూ లగ్నమూ కలిపి ఎనిమిది. జాతకంలో తామున్న చోటు నుంచి ఫలానా ఇళ్ళలో గురువు సంచరిస్తే మంచిదని ఒక్కొక్కటీ ఒక్కో బిందువు వేస్తుంది. గురువు అష్టకవర్గులో ఎవరు ఎక్కడెక్కడ వేస్తారంటే:

రవి నుంచి 1, 2, 3, 4, 7, 8, 9, 10, 11
చంద్రుడి నుంచి 2, 5, 7, 9, 11
కుజుడి నుంచి 1, 2, 4, 7, 8, 10, 11
బుధుడి నుంచి 1, 2, 4, 5, 6, 9, 10, 11
గురువు నుంచి 1, 2, 3, 4, 7, 8, 10, 11
శుక్రుడి నుంచి 2, 5, 6, 9, 10, 11
శని నుంచి 3, 5, 6, 12
లగ్నం నుంచి 1, 2, 4, 5, 6, 7, 9, 10, 11

పన్నెండు రాశులకీ కలిపితే 56 రావాలి. రాకపోతే ఎక్కడో తప్పు లెక్కపెట్టారు. మనకి మాత్రం గురువు సంచరిస్తున్న రాశి ఒక్కటీ చాలు.

బావమరిదికి వృషభం చూద్దాం. తులలోని రవి నుంచి వృషభం 8, బిందువు ఉంది. కర్కాటకంలోని చంద్రుడి నుంచి 11, ఉంది. మకరంలోని కుజుడి నుంచి 5, లేదు. వృశ్చికంలోని బుధుడి నుంచి 7, లేదు. కుంభంలోని గురువు నుంచి 4, ఉంది. తులలోని శుక్రుడి నుంచి 8, లేదు. శని నుంచి 7, లేదు. సింహలగ్నం నుంచి 10, ఉంది. మొత్తం నాలుగు. ఎనిమిదికి నాలుగంటే మధ్యస్థం. ఐదు దాటితే ధైర్యంగా అడుగేయొచ్చు. మూడు లోపుంటే పదకొండింట ఉన్నా పెద్దగా ఒరగదు.

మొత్తం కన్నా ఎవరు వేశారన్నదే ముఖ్యం. ఎందుకంటే ప్రతి రాశినీ ఎనిమిది గదులుగా కోస్తారు, ఒక్కోటి 3 డిగ్రీల 45 నిమిషాలు. వీటిని కక్ష్యలంటారు. వరస ఎప్పుడూ ఒకటే: శని, గురువు, కుజుడు, రవి, శుక్రుడు, బుధుడు, చంద్రుడు, చివర లగ్నం. నెమ్మదిగా నడిచేవాడి నుంచి వేగంగా నడిచేవాడి దాకా అని గుర్తుపెట్టుకుంటే చాలు. బిందువు వేసినవాడి గదిలో గురువు ఉన్న రోజుల్లోనే ఫలం. వక్రం లేనప్పుడు ఒక గది దాటడానికి గురువుకి సుమారు పదిహేడు నుంచి ఇరవై రోజులు. ఏడాది నిడివి ఫలం వారాల నిడివికి దిగేది ఇక్కడే.

మనవాడికి వృషభంలో తెరిచి ఉన్న గదులు గురువు, రవి, చంద్రుడు, లగ్నం. చివరి రెండూ 22 డిగ్రీల 30 నిమిషాల నుంచి 30 దాకా. ఇందాక గీసిన గీత మీద పెట్టి చూడండి. 2024 ఆగస్టు మధ్య నుంచి నవంబరు చివరి దాకా గురువు ఈ రెండు గదుల్లోనే ముందుకీ వెనక్కీ తిరిగాడు. తరువాత వెనక్కి జారి డిసెంబరు నుంచి ఏప్రిల్ మొదటి వారం దాకా బుధ, శుక్ర కక్ష్యల్లో ఉండిపోయాడు, అక్కడ బిందువు లేదు. మళ్ళీ 2025 ఏప్రిల్ 5 ప్రాంతంలో చంద్ర కక్ష్యలోకి, 26 ప్రాంతంలో లగ్న కక్ష్యలోకి వచ్చి, మే 14న రాశి దాటాడు.

దశ ఒప్పుకుంటుందా?

దశ ఇవ్వనిది గోచారం ఇవ్వదు. ఇది చివర్లో చెబుతున్నాను గానీ నిజానికి ఇది తేలకపోతే పైవన్నీ వృథా. ఫలానా పనికి సంబంధించిన ఇంటి అధిపతి దశో అంతర్దశో నడుస్తుండాలి, లేదా ఆ ఇంట్లో ఉన్న గ్రహానిదైనా.

పుష్యమి నక్షత్రం కాబట్టి బావమరిది శని దశలో పుట్టాడు. అక్కణ్ణించి బుధుడు, కేతువు దాటుకుని 2023 చివర్లో శుక్ర మహాదశ మొదలైంది. సింహ లగ్నానికి పదో ఇంటి అధిపతి శుక్రుడు, జాతకంలో తులలో స్వక్షేత్రంలో ఉన్నాడు. వృత్తిస్థానాధిపతి దశ, వృత్తిస్థానంలో గురువు. ఇంకేం కావాలి.

కిటికీ గీయండి

ఇప్పుడు అన్నీ ఒకే గీత మీదకి తేవాలి. వేధ లేని రోజులు: మార్చి 29 నుంచి మే 14. తెరిచిన కక్ష్యలు: ఏప్రిల్ 5 నుంచి మే 14. రెండూ కలిసేది ఏప్రిల్ 5 నుంచి మే 14 దాకా, దాదాపు నలభై రోజులు. గురు మూఢం ఉందేమో చూడండి. రవికి 11 డిగ్రీల లోపు వస్తే గురువు అస్తంగతుడు, శుభారంభాలు చెయ్యరు. ఆ ఏడాది మూఢం జూన్‌లో వచ్చింది, ఇబ్బంది లేదు.

జరిగింది చెబుతాను. 2024 ఆగస్టు మూడో వారంలో ఒక షెడ్ అద్దెకి వచ్చింది. క్రేన్ తిరిగేంత ముందు జాగా, మూడు ఫేజుల కరెంటు, పైకప్పు కాస్త తుప్పు. అడ్వాన్సు మాటలయ్యాయి. షెడ్ యజమాని ఇల్లు సింగ్‌నగర్‌లో. సెప్టెంబరు 1న బుడమేరు పొంగి ఇల్లు మునిగింది, ఆ మనిషి షెడ్ అమ్మేయాలన్న ఆలోచనలో పడ్డాడు. నవంబరులో మళ్ళీ అద్దెకే ఇస్తానన్నాడు, ఈసారి బ్యాంకు అప్పు హామీదారు దగ్గర ఆగింది. 2025 ఏప్రిల్ మూడో వారంలో అదే యజమాని, అదే షెడ్, అప్పు మంజూరైంది. ఏప్రిల్ 30 అక్షయ తృతీయ నాడు వెల్డింగ్ మెషిన్‌కి పసుపు రాశారు.

గదులు తెరిచి ఉన్నా వేధ ఉన్నప్పుడు అవకాశం వచ్చింది, నిలవలేదు. వేధ తొలగాక నిలిచింది. లెక్క చక్కగా కుదిరిందని మురిసిపోయే ముందు ఒకటి ఒప్పుకోవాలి. ఊరంతా ముంచిన బుడమేరుకి ఒక మనిషి జాతకంలోని వేధ కారణమంటే అంతకన్నా మూర్ఖత్వం లేదు. పైగా మార్చి 29న వేధ ఒక్కటే తొలగలేదు, కర్కాటకానికి అష్టమ శని కూడా అదే రోజు వదిలింది. రెంటిలో ఏది పనిచేసిందో విడదీసి చెప్పే దారి లేదు. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ బృందం మహారాష్ట్రలో 27 మంది జ్యోతిష్కులకి తలా 40 జాతకాలిచ్చి వాటిలో తెలివైన పిల్లలవి ఏవో, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలవి ఏవో చెప్పమంటే, నాణెం ఎగరేసినా అంతే వచ్చే ఫలితం వచ్చింది. అందుకే షెడ్ అద్దె, అప్పు వాయిదా, ఆర్డర్లు లెక్కగట్టకుండా గురువుని నమ్మి సంతకం పెట్టొద్దని బావమరిదికి ముందే చెప్పాను.

మీ లెక్క నిలుస్తుందో లేదో తెలుసుకోవాలంటే పన్నెండేళ్ళు వెనక్కి వెళ్ళండి. గురువు ఇదే రాశిలో ఉన్నప్పుడు ఇదే ఇంటి విషయంలో ఏం జరిగిందో, అప్పుడు శని ఎక్కడున్నాడో రాసుకోండి. 2012 మే నుంచి 2013 మే దాకా గురువు వృషభంలో, శని మొదట వక్రించి కన్యలో, ఆగస్టు నుంచి తులలో, అంటే వేధ లేదు. బావమరిది గుంటూరులో గేట్లు, గ్రిల్స్ చేసే కొట్టు మానేసి ఆటోనగర్‌లో చేరింది ఆ ఏడాదే. అంతకుముందు చుట్టులో హైస్కూల్లో ఉన్నాడు, దాన్ని వదిలేశాను. వెనక్కి చూసినప్పుడు ఏమీ జరగలేదని తేలితే, లగ్నం తప్పయినా అయి ఉండాలి, ఆ ఇంటి దశ అప్పుడు లేకపోయైనా ఉండాలి. జరగనిదాన్ని జరిగినట్టు గుర్తుచేసుకోవడం మాత్రం చాలా తేలిక, కాబట్టి తేదీలు ఇంట్లోవాళ్ళని అడిగి రాయండి.

కర్కాటక గురువుకి ఇదే లెక్క

గురువు 2026 జూన్ 2 నుంచి అక్టోబరు 31 దాకా కర్కాటకంలో ఉంటాడు, అది ఆయన ఉచ్చరాశి. రెండింట వచ్చేది మిథునం వాళ్ళకి, ఐదింట మీనం, ఏడింట మకరం, తొమ్మిదింట వృశ్చికం, పదకొండింట కన్య. ఈ ఐదుగురిలో మకరం వాళ్ళు తొందరపడొద్దు. ఏడో ఇంటికి అడ్డు మూడు, వాళ్ళ మూడో రాశి మీనం, అక్కడ శని ఉన్నాడు. కన్యకి ఆ అడ్డు లేదు. జూలై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా గురు మూఢం కూడా ఉంటుంది, ఆ నెలలో ప్రారంభోత్సవం పెట్టుకోకండి. మిగతాది మీ బిందువులు చెబుతాయి.

బావమరిది మొన్న ఆదివారం ఇంటికొచ్చి, భోజనం కాగానే జేబులోంచి కాగితం తీశాడు. రెండో షెడ్ గురించి.

"బావా, సింహంలో నాకు ఏడు బిందువులొచ్చాయి. ఎనిమిదికి ఏడు! అక్టోబరు 31నే కదా గురువు సింహంలోకి వచ్చేది?"

కాగితం తీసుకుని చూశాను. బాగానే లెక్కపెట్టాడు. రవి, చంద్ర, కుజ, బుధ, గురు, శుక్ర, లగ్నం అందరూ వేశారు. కర్కాటక రాశికి సింహం రెండో ఇల్లు, పన్నెండింట శని వేధ కూడా లేదు.

"వేయనిది ఎవరు?" అన్నాను.

"శని ఒక్కడే."

"మొదటి గది ఎవరిది?"

వేళ్ళ మీద లెక్కపెట్టుకుని ఆగిపోయాడు. గురువు డిసెంబరు 13 ప్రాంతంలో సింహంలో మూడు డిగ్రీలు కూడా దాటకుండానే వక్రించి, 2027 జనవరి 25న కర్కాటకానికి వెనుదిరుగుతాడు. శని గది 3 డిగ్రీల 45 నిమిషాల దాకా ఉంటుంది. ఆ మూడు నెలలూ గురువు అతనికి బిందువు లేని ఒకే ఒక్క గదిలో ఉండి వెళ్ళిపోతాడు. మళ్ళీ సింహంలోకి వచ్చేది 2027 జూన్ 26న, గోదావరి పుష్కరాలు మొదలయ్యే రోజు. శని గది దాటేసరికి జూలై మధ్య.

కాగితం మీద అక్టోబరు 31 కొట్టేసి, దాని కింద "పుష్కరాలయ్యాక" అని రాసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు.